పింఛను నోటీసు ఇంగ్లీషు ప్రతి: ఏ మాట ఉంచాలి, ఏది మార్చాలి

ప్రశ్న: నమస్తే సార్. జిల్లాలో ఒక ఆఫీసుకి కాంట్రాక్టు మీద అనువాదాలు చేస్తుంటాను. పింఛన్ల అర్హతల మీద తెలుగు నోటీసు ఒకటి, దానికి ఎవరో చేసిన ఇంగ్లీషు ప్రతి ఒకటి ఇచ్చి "కాస్త పాలిష్ చెయ్యండి, ఇంగ్లీషు బాగుండాలి" అన్నారు. ఒకే తెలుగు పదానికి మూడు రకాల ఇంగ్లీషు మాటలున్నాయి. బాగు చేయబోయి అర్థం మార్చేస్తానేమోనని టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? ఎంతవరకు చెయ్యి పెట్టొచ్చు?

సమాధానం:

ఇంగ్లీషు ప్రతిని కాసేపు పక్కన పెట్టి, తెలుగు నోటీసు పైభాగంలో "సూచిక" అని ఉన్నచోట ఏ జీవో నంబరు ఉందో చూడండి. మీ పని అక్కడే మొదలవుతుంది. మన దగ్గర పథకాల జీవోలు ఎక్కువగా ఇంగ్లీషులోనే వస్తాయి. జిల్లా ఆఫీసులో ఎవరో వాటిని తెలుగు చేసి, కుదించి, నోటీసుగా వేస్తారు. అంటే మీ చేతిలో ఉన్న తెలుగు నోటీసే చాలావరకు ఒక అనువాదం. దాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి తెచ్చిన ప్రతిని మీరు దిద్దుతున్నారు. అసలు ఇంగ్లీషు మాట ఫైల్లో ఉండగా మీరో నేనో కొత్త మాట పుట్టించాల్సిన పని లేదు. జీవో కాపీ ఇవ్వమని సెక్షన్‌లో అడగండి. "నోటీసు ఉందిగా, అది చాలదా" అంటారు. చాలదు.

జీవో దొరికాక ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీసుకోండి. మొదటి గడిలో నోటీసులోని తెలుగు పదం, రెండో గడిలో జీవోలో దానికున్న ఇంగ్లీషు పదం, మూడో గడిలో ఆ పదం జీవోలో ఏ పేరాలో ఉంది, నాలుగో గడిలో మీ డ్రాఫ్టులో దాని బదులు వాడిన వేరే మాటలు. నాలుగో గడి చాలామంది రాయరు. నాకైతే ఎక్కువ పనికొచ్చేది అదే. దిద్దడం అయ్యాక ఆ గడిలోని మాటల్ని ఫైల్లో ఒక్కొక్కటే వెతికితే, జారిపోయినవి బయటపడతాయి. వర్డ్‌లో ఫైండ్ పెట్టుకోవచ్చు. టెక్స్ట్ ఫైలుగా దాచుకుంటే ఒక్క లైనుతో అయిపోతుంది:

```
grep -n -i -E "beneficiar|recipient|claimant|applicant" notice.txt
```

ఇలా వెతికాక వచ్చిన ప్రతి లైనూ కళ్లతో చదవాలి. అన్నిటినీ ఒకేసారి మార్చే బటన్ మాత్రం నొక్కకండి. ఎందుకంటే ఈ మాటలన్నీ ఒకటి కావు. అర్జీ పెట్టుకున్న మనిషి "అప్లికెంట్". పరిశీలనలో నిలబడితే "ఎలిజిబుల్". మంజూరు అయ్యాకే "బెనిఫిషియరీ", పింఛన్ల విషయంలో "పెన్షనర్". నోటీసులో "లబ్ధిదారులు ఆధార్ కాపీ జతచేయాలి" అని ఉందనుకోండి. కొత్తగా అర్జీ పెట్టేవాళ్లనా, ఇప్పటికే పింఛను తీసుకుంటున్నవాళ్లనా? తెలుగులో రాసినాయన ఆ తేడా పట్టించుకోలేదు. డ్రాఫ్టులో "బెనిఫిషియరీస్" అని పడింది. ఇప్పుడు పాత పింఛనుదారులంతా జిరాక్సులు పట్టుకుని బయల్దేరతారు. ఈ పింఛన్లలో ఇంకో చిక్కు ఉంది. అర్హతల్లోనే "కుటుంబంలో ప్రభుత్వ ఉద్యోగి గానీ పెన్షనర్ గానీ ఉండకూడదు" అని వస్తుంది. అక్కడ పెన్షనర్ అంటే ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. సామాజిక పింఛను తీసుకునే ముసలమ్మ కాదు. ఒకే నోటీసులో ఆ మాట రెండర్థాల్లో వస్తే, రిటైరైన ఉద్యోగి దగ్గర "గవర్నమెంట్ పెన్షనర్" అని పూర్తిగా ఉంచి తీరాలి. మాటలు తగ్గిద్దామని "గవర్నమెంట్" కొట్టేస్తే అర్థమే మారిపోతుంది.

"కుటుంబం" సంగతీ ఇలాంటిదే. జీవోలో "ఫ్యామిలీ" అని ఉంటే మీరూ అదే ఉంచండి. "హౌస్‌హోల్డ్" ఇంకాస్త ఆఫీసు ఇంగ్లీషులా వినిపిస్తుందని మార్చబుద్ధేస్తుంది. కానీ ఏపీ గ్రామ, వార్డు సచివాలయాల్లో హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ అని వేరే వ్యవహారం ఉంది, ఆ మాటకు అక్కడ దాని అర్థం దానికి ఉంది. మీరు ఇంపుగా ఉందని వేసిన మాట చదివేవాళ్లకు వేరే రికార్డును గుర్తుచేస్తుంది. ఒకే నోటీసులో రెండూ ఉంటే, రెండూ వేరనే అనుకుంటారు. మామూలు రచనలో ఒకే మాట పదేపదే వస్తే విసుగు పుడుతుంది, అందుకని మార్చి మార్చి రాస్తాం. నోటీసులో ఆ అలవాటు మానుకోవాలి. పది లైన్లలో పదిసార్లు "ఫ్యామిలీ" వచ్చినా రానివ్వండి.

దివ్యాంగుల విషయంలో మీ డ్రాఫ్టులో బహుశా "హ్యాండిక్యాప్డ్", "ఫిజికల్లీ ఛాలెంజ్డ్", "డిఫరెంట్లీ ఏబుల్డ్" మూడూ ఉండి ఉంటాయి. 2016 నాటి చట్టంలో ఉన్న మాట "పర్సన్స్ విత్ డిజెబిలిటీస్". ఆ చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, వాటిలో మేధోపరమైనవీ మానసికమైనవీ ఉన్నాయి. "ఫిజికల్లీ" అని రాయగానే అవన్నీ బయటికి పోతాయి. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లాడి తల్లి ఆ లైను చదివి "ఇది మావాడికి కాదు" అనుకుంటుంది. కాబట్టి ఇది మర్యాదైన మాట వెతుక్కునే విషయం మాత్రమే కాదు, ఎవరికి వస్తుంది ఎవరికి రాదు అనేది కూడా ఆ మాట మీదే ఉంది. "ఒంటరి మహిళ"కూ అంతే. ఆ కేటగిరీలో భర్త నుంచి విడిపోయినవాళ్లూ పెళ్లికానివాళ్లూ ఇద్దరూ ఉంటారు. "అన్‌మ్యారీడ్" అన్నా, "డైవోర్స్డ్" అన్నా సగంమంది పోతారు. "సింగిల్ ఉమన్" అనేదే పథకంలో ఉన్న పేరు.

ఒక చిన్న విషయం, నవ్వొస్తుంది కానీ జరుగుతుంది. "సదరం ధ్రువపత్రం" అంటే వైకల్య శాతం చూసి ఇచ్చే సర్టిఫికెట్. "సదరు ధ్రువపత్రం" అంటే పైన చెప్పిన ఆ సర్టిఫికెట్. టైపింగులో సున్నా పోయి కొమ్ము వచ్చి చేరితే ఇంగ్లీషులో "ద సెడ్ సర్టిఫికెట్" అయి కూర్చుంటుంది. మీ నోటీసులో "సదరు" కనిపిస్తే, పైన ఎక్కడైనా సర్టిఫికెట్ ప్రస్తావన వచ్చిందో లేదో చూడండి. రాకపోతే అది అచ్చుతప్పే.

ఇప్పుడు క్రియల సంగతి. నోటీసు తెలుగులో "సమర్పించగలరు", "హాజరు కాగలరు" అని వస్తాయి. అది మన ఆఫీసు మర్యాద. అసలు అర్థం సమర్పించండి, రండి అని. డ్రాఫ్టు చేసినవాళ్లు "గలరు" చూసి "కెన్ సబ్మిట్", "మే అటెండ్" అని రాస్తారు. ఇంగ్లీషులో అది "కావాలంటే ఇవ్వొచ్చు, ఇష్టముంటే రావొచ్చు" అయింది. పింఛనుదారు వెరిఫికేషన్‌కు రాకపోతే పింఛను ఆగే సందర్భం అయితే, ఈ ఒక్క మాట ఎంత పని చేస్తుందో చూడండి. జీవోలో "షల్" ఉంటే "షల్" పెట్టండి. జీవోలో ఆ వాక్యమే లేకుండా ఆఫీసు సొంతంగా చేర్చిందైతే, ఇది తప్పనిసరా, కోరికా అని అడిగి "మస్ట్" గానీ "ఆర్ రిక్వెస్టెడ్ టు" గానీ వేయండి. అలాగే "మంజూరు చేయబడును", "మంజూరు చేయవచ్చును" ఒకటి కావు. మొదటిది హామీ, రెండోది అధికారి విచక్షణ. రెండోదాన్ని "విల్ బీ శాంక్షన్డ్" అని దిద్దితే మీరు ప్రభుత్వం తరఫున మాట ఇచ్చేసినట్టే. "మంజూరు", "విడుదల", "పంపిణీ" కూడా కలిపేయకండి. శాంక్షన్, రిలీజ్, డిస్బర్స్‌మెంట్ మూడు వేర్వేరు మెట్లు, మూడు వేర్వేరు తేదీలు.

అంకెల దగ్గర ఇంకాస్త నిదానించండి. ఏపీ పింఛన్లలో ఆరు అంచెల పరిశీలన అని వినే ఉంటారు. అందులో ఆదాయ నిబంధన గ్రామాల్లో నెలకు 10,000 రూపాయల లోపు, పట్టణాల్లో 12,000 లోపు. "లోపు" అంటే ఇక్కడ "లెస్ దేన్". డ్రాఫ్టులో "అప్ టు" అనో "నాట్ ఎక్సీడింగ్" అనో ఉంటే, సరిగ్గా పదివేలు వచ్చే కుటుంబం లోపలికి వచ్చేసింది. తెలుగులో "మించకూడదు" అని ఉంటేనే "నాట్ ఎక్సీడింగ్". సాయంత్రం వాకిట్లో మాట్లాడుకునేటప్పుడు ఈ రెండూ ఒకటే, నోటీసులో మాత్రం కాదు. వయసు దగ్గరా ఇదే గొడవ. "60 ఏళ్లు పైబడిన" అని తెలుగులో ఉంటే "ఎబౌవ్ 60" అని రాసేస్తారు. నిన్న అరవై నిండిన మనిషి అందులో ఉన్నాడా లేడా? "నిండిన" అని ఉంటే "కంప్లీటెడ్", లేదా "60 ఇయర్స్ అండ్ ఎబౌవ్". జీవోలో ఏది ఉందో అదే వేసి, ఏ తేదీ నాటికి నిండాలో నోటీసులో ఉంటే దాన్ని "యాజ్ ఆన్" పెట్టి వదలకుండా రాయండి.

తేదీతో వచ్చే "లోపు" ఇంకో రకం. "15వ తేదీ లోపు దరఖాస్తు చేసుకోవాలి" అంటే 15 పనికొస్తుందా? మన వాడుకలో పనికొస్తుందనే ఎక్కువమంది అనుకుంటారు. ఖచ్చితంగా చెప్పాలంటే చెప్పలేం. డ్రాఫ్టులో "బిఫోర్" ఉంటే 14తోనే ముగిసినట్టు. "ఆన్ ఆర్ బిఫోర్" అంటే 15 కూడా కలిసినట్టు. ఇది మీరు తేల్చే విషయం కాదు, అడగండి. ఒక ఫోన్ కాల్ పని.

మొత్తాల దగ్గర జరిగే పొరపాటు ఒకటి దగ్గరగా చూపిస్తాను. 2024లో వృద్ధాప్య పింఛను 3,000 నుంచి 4,000 అయింది. పెంపును ఏప్రిల్ నుంచి లెక్కేసి, జులై 1న 7,000 ఇచ్చారు. అందులో 4,000 జులై పింఛను, మిగతా 3,000 ఏప్రిల్, మే, జూన్ నెలల పెంపు బకాయి, నెలకు వెయ్యి చొప్పున. ఇలాంటి సందర్భాన్ని తెలుగులో "ఏప్రిల్ నుంచి పెంపును వర్తింపజేస్తూ జులై 1న రూ.7,000 పింఛను పంపిణీ" అని ఒక్క ముక్కలో రాస్తే తెలుగువాడికి అర్థమైపోతుంది. ఊళ్లో అందరికీ తెలిసిన కథ కదా. దాన్నే ఇంగ్లీషులో నున్నగా "ఎన్‌హాన్స్డ్ పెన్షన్ ఆఫ్ 7,000" అని దిద్దితే, సంగతి తెలియని మనిషి నెలనెలా ఏడువేలు అనుకుంటాడు. ఇక్కడ వాక్యం పొడవైనా సరే, నెల పింఛను ఎంత, "ఎరియర్స్" ఎంత, ఏయే నెలలకు, పెంపు ఎప్పటినుంచి అమలు అన్నవి విడివిడిగా ఉండాలి. "ఎప్పటినుంచి" అన్నదానికి "విత్ ఎఫెక్ట్ ఫ్రమ్", డబ్బు చేతికి వచ్చే రోజుకు "పేయబుల్ ఆన్". ఈ రెండు తేదీలూ కలిసిపోతే చదివేవాడి లెక్క తప్పుతుంది. లక్షను లక్షగానే ఉంచండి, "హండ్రెడ్ థౌజండ్" చేయకండి. కామాలూ మన పద్ధతిలోనే పెట్టండి.

ఇక అసలు చిక్కుముడి, భూమి నిబంధన. దీని మీద కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే "ఎంతవరకు చెయ్యి పెట్టొచ్చు" అన్న మీ ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. కుటుంబానికి మాగాణి అయితే 3 ఎకరాల లోపు, లేదా మెట్ట అయితే 10 ఎకరాల లోపు, లేదా మాగాణి మెట్ట రెండూ కలిపి 10 ఎకరాల లోపు ఉండాలని నిబంధన. ముందు మాటలు: మాగాణికి "వెట్", మెట్టకు "డ్రై". రెవెన్యూ రికార్డుల్లో అవే ఉంటాయి. "ఇరిగేటెడ్", "అన్‌ఇరిగేటెడ్" అని దిద్దితే చదవడానికి బాగానే ఉంటుంది కానీ అర్థం పక్కకు జరుగుతుంది. మెట్టగా నమోదై, బోరు కింద పంట పండే చేలు మన దగ్గర బోలెడు. రికార్డులో అది డ్రై, మీరు రాసిన ఇంగ్లీషులో ఇరిగేటెడ్. ఆ రైతు ఏ గళ్లో టిక్కు పెట్టాలి?

తర్వాత ఆ "లేదా"లు. ఒక కుటుంబానికి 4 ఎకరాల మాగాణి, 2 ఎకరాల మెట్ట ఉన్నాయనుకోండి. మొదటి ముక్క ప్రకారం మాగాణి 3 దాటింది, అర్హత లేదు. మూడో ముక్క ప్రకారం మొత్తం 6 ఎకరాలే, పదికి లోపే, అర్హత ఉంది. రెండు రకాలుగానూ చదవొచ్చు. ఒకప్పుడు నా దగ్గరికి వచ్చిన డ్రాఫ్టులో దిద్దినాయన ఈ లైను గజిబిజిగా ఉందని "3 ఎకరాల లోపు వెట్, అండ్ మొత్తం మీద 10 ఎకరాల లోపు" అని తీర్చి రాశాడు. చక్కగా, స్పష్టంగా, చిన్నగా ఉంది. కానీ అలా రాయడంతో ఆ నాలుగెకరాల మాగాణి కుటుంబాన్ని ఆయనే తీసేశాడు. ఆ నిర్ణయం ఆయనది కాదు, మీదీ కాదు. జీవోలో సందిగ్ధం ఉంటే ఇంగ్లీషు ప్రతిలోనూ ఆ సందిగ్ధం ఉన్నది ఉన్నట్టు ఉండాలి. మీరు చేయాల్సిందల్లా, ఇక్కడ రెండు రకాలుగా చదవొచ్చని వేరే కాగితం మీద రాసి పంపడం.

దీన్నిబట్టి, మీరు మొహమాటం లేకుండా మార్చగలిగినవి ఏమిటో చూడండి. క్రియ లేని వాక్యాలకు క్రియ ఇవ్వండి. ఆరేడు లైన్ల వాక్యాన్ని రెండు మూడు చేయండి, కానీ షరతు ఒక వాక్యంలో, మినహాయింపు రెండు వాక్యాల అవతల పడకుండా చూసుకోండి. నాలుగు చక్రాల వాహనం ఉండకూడదు అన్న లైనులోనే ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరుకు మినహాయింపు ఉంటుంది, దాన్ని విడదీస్తే సగం చదివి వెళ్లిపోతారు. "మాత్రమే" ఏ మాటకు అంటుకుందో చూసి "ఓన్లీ"ని సరిగ్గా దాని పక్కనే పెట్టండి. "కన్సర్న్డ్ తహసీల్దార్" అని ఉంటే "తహసీల్దార్ కన్సర్న్డ్" చేయండి, లేకపోతే ఆయనేదో దిగులుపడుతున్నట్టుంటుంది. తహసీల్దారును "మండల్ రెవెన్యూ ఆఫీసర్" చేయకండి, అది పాత హోదా పేరు. గ్రామ సచివాలయానికి ప్రతిసారీ "విలేజ్ సెక్రటేరియట్" అని పూర్తిగా రాయండి. ఉత్త "సెక్రటేరియట్" అంటే తెలియనివాళ్లు రాష్ట్ర సచివాలయం అనుకుని వెలగపూడి బస్సు ఎక్కుతారు.

వెబ్‌సైటులో నొక్కాల్సిన బటన్ పేరూ జీవోలోని పేరూ వేరువేరుగా ఉండటం తరచూ చూస్తాం. నిబంధన చెప్పే వాక్యంలో జీవో మాట ఉంచండి. "ఇక్కడ నొక్కండి" అనే వాక్యంలో మాత్రం స్క్రీన్ మీద ఏముందో అక్షరం పొల్లు పోకుండా అదే, కొటేషన్ గుర్తుల్లో. స్క్రీన్ మీది స్పెల్లింగు తప్పైనా దిద్దకండి, వాళ్లు వెతికేది ఆ తప్పు స్పెల్లింగునే.

అంతా అయ్యాక నేను చేసే పరీక్ష ఒకటి చెబుతాను. అరగంట పడుతుంది. ఐదారు కుటుంబాలను ఊహించి ఒక కాగితం మీద రాస్తాను. అన్నీ సరిహద్దు మీద ఉండేవే: సరిగ్గా పదివేల ఆదాయం ఉన్నది, నెలకు సగటున 300 యూనిట్ల కరెంటు కాలేది, సరిగ్గా 3 ఎకరాల మాగాణి ఉన్నది, సొంత ట్యాక్సీ నడుపుకునేది, పైన చెప్పిన 4 ప్లస్ 2 ఎకరాలది. తెలుగు నోటీసు చూడని ఒకరికి ఇంగ్లీషు ప్రతి మాత్రమే ఇచ్చి, ఎవరికి పింఛను వస్తుందో టిక్కు పెట్టమంటాను. ఇంకొకరికి తెలుగు నోటీసు మాత్రమే ఇస్తాను. నేను జీవో పట్టుకుని కూర్చుంటాను. మూడు కాగితాలూ పక్కపక్కన పెడితే తేడా వచ్చిన చోట అసలు తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది. ఇంగ్లీషు ఒక్కటే వేరుగా ఉంటే తప్పు మీది, దిద్దుకోండి. తెలుగూ ఇంగ్లీషూ ఒకటై జీవో వేరుగా ఉంటే తెలుగు నోటీసే తప్పు. అప్పుడు గుట్టుగా ఇంగ్లీషులో సరిచేయకండి. రెండు నోటీసులూ గోడ మీద పక్కపక్కన ఉంటాయి, ఒకదానికొకటి పొంతన లేకపోతే జనం ఆఫీసు మీదికి వస్తారు. ఆఫీసు మీ మీదికి వస్తుంది.

అలాంటివన్నీ ఒక పేజీలో రాసి సూపరింటెండెంటుకు ఇవ్వండి: తెలుగులో ఇలా ఉంది, జీవో ఫలానా పేరాలో ఇలా ఉంది, ఏది ఉంచమంటారు అని. జవాబు నోటిమాటగా కాకుండా ఆ కాగితం మీదే రాయించుకోండి. ఆ భూమి నిబంధన మీద అప్పట్లో నేనూ ఇలాగే రాసి పంపాను. మూడు రోజులకు తిరిగొచ్చింది, పక్కన ఎర్ర పెన్నుతో "జీవోలో ఉన్నట్టే ఉంచండి" అని రెండు ముక్కలు, కింద సంతకం, తేదీ. ఆ జిరాక్సు ఇప్పటికీ నా ఫైల్లో ఉంది.